పంచాంగం ముందు, బిల్లు బుక్కు తర్వాత

2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. ఆ రోజుల్లో బట్టల దుకాణాల్లో కాలు పెట్టే చోటు లేదు. 2026లో అదే అక్టోబర్ 2 పితృపక్షం నడిమధ్యన పడింది. చాలా ఇళ్లలో కొత్త బట్ట కొనని రోజులవి. కిందటేడు బిల్లులు ముందేసుకుని, తేదీకి తేదీ సరిపెట్టి సరుకు తెప్పించుకున్న దుకాణదారు ఆ వారమంతా నిండు అరలను చూస్తూ కూర్చోవలసిందే.

కారణం అధిక మాసం. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, అందుకే ఆ తర్వాతి పండుగలన్నీ వెనక్కి జరిగాయి. దసరా 2024లో అక్టోబర్ 12న, 2025లో 2న వస్తే, 2026లో 20కి వెళ్లింది. దీపావళి కూడా అక్టోబర్ 31, అక్టోబర్ 20, నవంబర్ 8గా దాని వెంటే కదిలింది. మనకు పాతకాలం నుంచీ తెలిసిన సంగతే ఇది. కానీ దుకాణంలోని కంప్యూటర్‌కు తెలియదు. అది కిందటేడు ఇదే వారంలో ఎంత అమ్మారో చూపించి ఊరుకుంటుంది.

అందుకే పాత అమ్మకాలను తేదీల మీద కాకుండా, దసరాకు ఎన్ని రోజుల ముందో లెక్కేసి మళ్లీ రాసుకోవాలి. దసరాకు పది రోజుల ముందు ఎంత, అయిదు రోజుల ముందు ఎంత, ముందురోజు ఎంత అని. అలా రాసుకున్నా అది సగం లెక్కే. రెండో సగం జేబుది. 2025లో నవరాత్రులు సెప్టెంబర్ 22న మొదలయ్యాయి. జీతాలు అయిపోయిన నెలాఖరు అది, పండుగేమో ఒకటో తారీఖు మర్నాడే. 2026లో ఒకటో తారీఖు జీతం పితృపక్షంలో చేతికొస్తుంది. అక్టోబర్ 11న నవరాత్రులు మొదలయ్యేదాకా ఆ డబ్బు ఇంట్లోనే ఉంటుందన్న నమ్మకం లేదు. ఫీజులు, కిస్తులు దాన్ని ముందే తినేస్తాయి. సింగరేణి బెల్టు ఊళ్లలో ఇంకో గడియారం కూడా నడుస్తుంది. దసరాకు ముందు లాభాల వాటా, దీపావళికి ముందు పీఎల్ఆర్ బోనస్ కార్మికుల ఖాతాల్లో పడతాయి. మంచిర్యాలలోనో గోదావరిఖనిలోనో దుకాణం నడిపేవాళ్లకు పండుగ తేదీ ఎంత ముఖ్యమో, ఆ డబ్బు పడే రోజూ అంతే ముఖ్యం.

2025 లెక్కలను నమ్మేముందు ఇంకొక జాగ్రత్త ఉంది. ఆ ఏడాది నవరాత్రులు మొదలైన రోజే జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. వెయ్యి దాటి రెండున్నర వేల వరకు ధర ఉన్న రెడీమేడ్ బట్టల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. తగ్గుతుందని ముందే తెలిసింది కాబట్టి ఆగి కొన్నవాళ్లున్నారు. వాళ్ల అమ్మకం కూడా ఆ పది రోజుల్లోనే కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ అలాగే జరుగుతుందనుకోవడం పొరపాటు.

ఇక సరుకు సంగతి. ఒక దుకాణం అనుకుందాం. మంచిర్యాలలో రెండంతస్తులు, కింద చీరలు, పైన పిల్లల బట్టలు. ఇందులో పైఅంతస్తునే చూద్దాం, ఎందుకంటే చీరకు సైజు లేదు, పిల్లల గౌనుకు ఉంది. పండుగ సరుకులో సగం తలనొప్పి అక్కడే పుడుతుంది.

కిందటేడు ఒక రకం గౌన్లు అన్ని సైజుల్లోనూ అరవై చొప్పున తెచ్చారు. 24 సైజు పండుగకు ఇంకా నాలుగు రోజులుండగానే అయిపోయింది. 34 సైజులో అరవైకి ఇరవై రెండే పోయాయి. బిల్లుల్లో చూస్తే 24 సైజు అమ్మకం అరవై. కానీ అడిగినవాళ్లు అరవైమందేనా? అయిపోయేనాటికి అది రోజుకు ఆరు చొప్పున పోతోంది. పక్కనే ఉన్న 22 సైజు అమ్మకం చివరి నాలుగు రోజుల్లో రెండున్నర రెట్లు పెరిగింది. 24 కూడా అలాగే పెరిగి ఉండేదనుకుంటే రోజుకు పదిహేను, నాలుగు రోజులకు అరవై. అంటే అసలు గిరాకీ నూటఇరవై, బిల్లుబుక్కు చెప్పింది అందులో సగం. సరుకు అయిపోయిన తర్వాత వచ్చి తిరిగివెళ్లిన తల్లి ఏ కాగితం మీదా కనిపించదు. అందుకే పాత అమ్మకాలు చూసేటప్పుడు ఎన్ని అమ్మామన్నదానికంటే, ఏ రోజున అయిపోయిందన్నది ముందు చూడాలి.

సరే, ఈసారి 24 సైజు వంద, 34 సైజు పదిహేను తెద్దామంటే హోల్‌సేల్ వ్యాపారి ఒప్పుకోడు. సెట్టులో అన్ని సైజులూ ఒక్కొక్కటి ఉంటాయి, సెట్టు విప్పి ఇవ్వనంటాడు. అడిగితే కొందరు గౌనుకు పదో పదిహేనో ఎక్కువ తీసుకుని విడి సైజులు ఇస్తారు. ఆ పదిహేను చూసి వెనక్కి తగ్గే దుకాణదార్లే ఎక్కువ. పండుగ దాటాక మిగిలిన ఒక్కో గౌను మీద వంద రూపాయలు పోగొట్టుకుంటామన్నది మాత్రం అప్పుడు గుర్తుకు రాదు. ఆ వంద ఎలా వస్తుందో కాస్సేపట్లో చూద్దాం.

మొత్తం ఎంతకు కొనాలన్నదానికి ఒక హద్దు గీసుకోవచ్చు. అమ్ముడవుతుందనుకున్నదానికి, పండుగ తర్వాత అరల్లో ఉండవలసిన సరుకును, తగ్గింపుల్లో పోయే మొత్తాన్ని కలపాలి. అందులోంచి ఇప్పటికే ఉన్న సరుకును, ఆర్డరిచ్చి రావలసిన సరుకును తీసేయాలి. మన దుకాణంలో పై అంతస్తు అమ్మకం 20 లక్షలు, చివర్లో ఉండవలసింది 5 లక్షలు, తగ్గింపులకు లక్షన్నర అనుకుందాం. ఉన్న సరుకు 6 లక్షలు, దారిలో ఉన్నది 4 లక్షలు. ఇవన్నీ అమ్మకపు ధరల్లోనే వేసిన అంకెలు. మిగిలేది 16.5 లక్షలు. వందకు అమ్మేదాన్ని అరవైకి కొంటాడనుకుంటే, ఇంకా కొనగలిగింది 9.9 లక్షల సరుకు. చాలామంది దారిలో ఉన్న నాలుగు లక్షలను మరిచిపోయి, ఏజెంటు వచ్చి కొత్త డిజైన్లు పరిచినప్పుడు మళ్లీ రాసేస్తారు.

ఈ 9.9 లక్షలనూ ఒకేసారి ఖర్చు పెట్టడం మంచిది కాదు. సూరత్ సరుకు ట్రాన్స్‌పోర్టులో చేరడానికి వారం పైనే పట్టొచ్చు, కాబట్టి దాన్ని పితృపక్షంలోనే దింపుకోవాలి. అడిగేవాళ్లు లేని ఆ రోజులు విప్పడానికి, ధర అంటించడానికి, సైజులవారీగా సర్దడానికి బాగా పనికొస్తాయి. హైదరాబాద్ బేగంబజార్‌లో దొరికే సరుకుకు మాత్రం మూడోవంతు డబ్బు చేతిలో ఉంచుకోవచ్చు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ దాటాక, ఏ డిజైను కదులుతోందో మూడు రోజుల్లో తెలిసిపోతుంది. రాత్రి రైలెక్కితే మర్నాడు సరుకు తెచ్చుకునే దూరంలో ఉన్నవాళ్లకు ఈ వెసులుబాటు ఉంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు, చిత్తూరు వాళ్లకు చెన్నై ఆ పని చేస్తాయి. ఆ సౌకర్యం లేని ఊరివాళ్లు సరుకు తక్కువ రకాల్లో, ఎక్కువ లోతుగా తెచ్చుకోవడమే నయం.

ఇప్పుడు అసలు చిక్కు, తగ్గింపు. ఒక గౌను తీసుకుందాం. కొన్నది 600కి. ధర చీటీ మీద 1,050, అందులో 5 శాతం పన్ను పోగా దుకాణానికి వచ్చేది 1,000. మిగిలేది 400. దాంట్లోంచే అద్దె, కరెంటు, గుమస్తాల జీతాలు. ఇప్పుడు బయట ‘20 శాతం తగ్గింపు’ అని బ్యానరు కట్టారు. కొన్నవాళ్లు 840 ఇస్తారు, పన్ను పోగా 800 వస్తుంది, మిగిలేది 200. ధరలో అయిదోవంతు తగ్గిస్తే లాభంలో సగం పోయింది. పాత లాభం రావాలంటే గౌన్లు రెండింతలు అమ్మాలి. 30 శాతం తగ్గిస్తే మిగిలేది వందే, నాలుగింతలు అమ్మాలి. వ్యాపారం చేసేవాళ్లకు ఇది తెలియదని కాదు. ‘ముప్పై పెట్టుకున్నాం, ఇరవై వదిలేస్తే పది మిగులుతుంది’ అన్న నోటిలెక్కలో ముప్పై కొన్న ధర మీదా అమ్మిన ధర మీదా అన్నది కలిసిపోతుంది. 600కి కొని వెయ్యికి అమ్మితే కొన్న ధర మీద అది 67 శాతం, అమ్మిన ధర మీద 40. తగ్గింపు ఎప్పుడూ అమ్మిన ధర మీదే పడుతుంది.

మరి ఆ బ్యానరు ఎప్పుడు కట్టాలి? దసరా చివరి నాలుగు రోజుల్లో వచ్చేవాళ్లు తగ్గింపు ఉన్నా లేకున్నా వస్తారు. సద్దుల బతుకమ్మకు కట్టుకోవాలి, పిల్లకు కొత్త గౌను వేయాలి, రోజులు లేవు. అడగకుండానే కొనేవాళ్లకు ఇరవై శాతం వదులుకోవడం దానం లాంటిది. 500 గౌన్లతో రెండు దారులు పోల్చి చూద్దాం.

మొదటి దారిలో నవరాత్రుల మొదటి రోజు నుంచే అన్నింటి మీదా 20 శాతం. అన్నీ అమ్ముడయ్యాయనే అనుకుందాం. గౌనుకు 200 చొప్పున లక్ష రూపాయలు. రెండో దారిలో దసరాదాకా పూర్తి ధర, 350 పోయాయి, 1,40,000. దసరాకూ దీపావళికీ మధ్య మిగిలినవాటి మీద 20 శాతం, ఇంకో 100 పోయాయి, 20,000. చివరి 50 సైజులు తెగిపోయిన ముక్కలు. అవి ఆషాఢం సేల్‌లో సగం ధరకు, 525కి పోయాయి. పన్ను పోగా 500, కొన్నది 600, ఒక్కోదాని మీద వంద నష్టం, మొత్తం 5,000. అంతా కలిపితే 1,55,000. ఆ యాభై గౌన్లలో తొమ్మిది నెలలు ఇరుక్కున్న 30,000కు ఏడాదికి 18 శాతం వడ్డీ వేసినా 4,050 పోతుంది. అయినా మొదటి దారి కంటే దాదాపు యాభై వేలు ఎక్కువే. సరుకు మిగిలిపోతుందన్న భయం కన్నా, ఆ భయంతో ముందే తగ్గించడం ఖరీదైనది.

అయితే ఈ ధైర్యానికీ హద్దుంది. దసరాలోపు 350 బదులు 250 మాత్రమే పోయి, ఆషాఢానికి 150 మిగిలితే రెండో దారి మొత్తం 1,05,000కి దిగుతుంది. అందులోంచి వడ్డీ తీస్తే మొదటి దారికే మేలు. కాబట్టి కాపలా ఎప్పుడు పెట్టాలన్నది ముందే రాసుకోవాలి. అమ్మకంలో సగానికి పైగా చివరి నాలుగైదు రోజుల్లోనే జరుగుతుంది కాబట్టి, అక్టోబర్ 15 రాత్రికి 500లో 150 పోయి ఉంటే కంగారు అక్కర్లేదు. వంద కూడా పోకపోతే 16 ఉదయం తగ్గించాలి. 18న ఆదివారం ఉంది, దానికి ముందే. తగ్గించేటప్పుడు కూడా అన్నింటినీ కాదు, తెచ్చినదాంట్లో అయిదోవంతు కూడా కదలని డిజైన్లనే. బాగా పోతున్న గులాబీ గౌను పక్కన నిలిచిపోయిన ఊదా గౌనుకు మాత్రమే ఎర్ర చీటీ పడాలి. పండుగ ముందురోజు గల్లా దగ్గర నిలబడి, ఎదురు దుకాణం బ్యానరు చూసి నిర్ణయం తీసుకునేవాళ్లు ఎర్ర చీటీలన్నీ గులాబీ గౌన్లకే అంటిస్తారు. ఎందుకంటే జనం వాటి చుట్టూనే ఉంటారు.

ఆఫర్ రూపం మారినా లాభం మారుతుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నది ఈ గౌనుకు పెడితే రెండింటికి కలిపి వచ్చేది వెయ్యి, కొన్నది 1,200. నికరంగా రెండు వందల నష్టం. ఆ ఆఫర్ పెట్టి లాభపడుతున్నారంటే చీటీ మీది ధర మొదటే అందుకు సరిపడా ఉందన్నమాట. పండుగ కోసం తయారీదారు వేసిన ఎమ్మార్పీ మీద పెంచిన ధర చీటీ అతికించడం నేరం కూడా. దీనికంటే రెండో గౌను మీద 30 శాతం తగ్గింపు నయం. ఇద్దరు ఆడపిల్లలున్న తల్లి 1,785 ఇస్తుంది, పన్ను పోగా 1,700, మిగిలేది 500. గౌనుకు 250. పైన చూసిన 20 శాతం కంటే గౌనుకు యాభై ఎక్కువ, పైగా ఒక్కటే కొన్నవాళ్లు పూర్తి ధర ఇచ్చి వెళ్తారు. బ్యానరు మీద 30 అంకె కూడా 20 కంటే పెద్దగానే కనిపిస్తుంది.

దసరాకు రెండు వేలు కొన్నవాళ్లకు రెండు వందల కూపన్ ఇచ్చి, దసరా మర్నాటి నుంచి దీపావళిదాకా వెయ్యికి పైబడిన కొనుగోలు మీద చెల్లుతుందని రాయడం ఇంకో పద్ధతి. రద్దీ రోజున రూపాయి తగ్గించలేదు, ఖాళీ వారాల్లో మనిషిని మళ్లీ మెట్లెక్కించారు. తిరిగి రానివాళ్ల కూపన్లకు ఖర్చే లేదు. అయితే ‘ఏ చీరైనా 299’ అని కరపత్రం వేసి లోపల పదే చీరలుంచే ఎత్తు ఇప్పుడు చెల్లదు. ఎర వేసే ప్రకటనల మీద 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు, ఆ ధరకు చాలినంత సరుకు ఉండాలంటున్నాయి.

దసరా సరుకులో లాభాన్ని చప్పుడు లేకుండా తినేసే చోటు ఇంకొకటుంది, రెండున్నర వేల గీత. రెడీమేడ్ బట్ట ఒక్కోదాని అమ్మకపు విలువ, పన్ను కాకుండా, 2,500 దాటకపోతే పన్ను 5 శాతం, దాటితే 18. కుట్టని చీరకు ఈ గీత లేదు, ఎంత ఖరీదైనా 5 శాతమే. అమ్మాయి కోసం పట్టు లంగా జాకెట్టు రెడీమేడ్‌గా కుట్టిందో, అబ్బాయి కోసం కుర్తా పైజమా సెట్టో అయితే గీత ఉంది. దుకాణంలో రాసే ధరలో పన్ను కలిసే ఉంటుంది కనుక, 2,625కి అమ్మితే 5 శాతం పోగా సరిగ్గా 2,500 చేతికొస్తుంది. 2,899కి అమ్మితే 18 శాతం పోగా వచ్చేది సుమారు 2,457. కొన్నవాళ్లు 274 రూపాయలు ఎక్కువ ఇచ్చారు, దుకాణానికి 43 తక్కువ వచ్చింది. 2,950కి చేరితేగాని మళ్లీ 2,500 రాదు. 2,625కూ 2,950కీ మధ్య ఏ ధర రాసినా అది సర్కారుకు చేసే సేవే.

తగ్గింపు వేసినప్పుడు ఈ గీత మరీ ఇబ్బంది పెడుతుంది. 3,299 చీటీ ఉన్న సెట్టు మీద 20 శాతం తగ్గిస్తే 2,639. దాంట్లోంచి 5 శాతం పన్ను తీసి చూస్తే విలువ 2,513 అవుతుంది, గీత దాటింది, కనుక 18 శాతం పడుతుంది. చేతికొచ్చేది 2,236. ఇంకో 14 రూపాయలు తగ్గించి 2,625 చేస్తే చేతికొచ్చేది 2,500. పద్నాలుగు వదులుకుంటే 264 వచ్చాయి. బిల్లులోనే చూపిన తగ్గింపును తీసేశాకే ఆ విలువ లెక్కకు వస్తుంది కాబట్టి ఇది చట్టబద్ధమైన పనే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ శాతాన్ని వేసి ఊరుకుంటుంది. ఈ 14 రూపాయల సంగతి అది చెప్పదు. పండుగ ఆఫర్ పెట్టేముందు మూడు వేల చుట్టుపక్కల చీటీ ఉన్న రెడీమేడ్‌లన్నీ ఒక్కసారి ఈ గీత మీద పెట్టి చూడటానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇంత చేశాక కూడా గల్లా దగ్గర కారుతూనే ఉంటుంది. ‘అన్నా, ఇంత కొన్నం, రౌండ్ చేయ్’ అని ఆడపడుచు అడిగితే యజమాని కాదనలేడు, పాత గుమస్తా కూడా కాదనలేడు. దసరా బేరం అది, ఉండాల్సిందే. కాకపోతే అదెంతో తెలియాలి. రోజూ రాత్రి అమ్ముడుపోయినవాటి చీటీ ధరల మొత్తం నుంచి బిల్లుల మొత్తం తీసేస్తే ఆ రోజు వదిలిన తగ్గింపు వస్తుంది. మన దుకాణం లక్షన్నర కేటాయించింది కదా, అందులోంచి అది తగ్గుతూ పోవాలి. నవరాత్రుల అయిదో రోజుకే లక్ష దాటిందంటే ఎవరో కౌంటరులో అడక్కుండానే రౌండ్ చేస్తున్నారు. గుమస్తాకు వంద వరకు, ఆ పైన యజమాని నోటి మాట అని ఒక హద్దు చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

దీపావళి మర్నాడు అరలు లెక్కపెట్టేటప్పుడు మిగిలినవి ఎన్నో అందరూ రాస్తారు. ఆ పక్కనే ఇంకో గడి గీసి, అయిపోయిన ప్రతి సైజూ దసరాకు ఎన్ని రోజుల ముందు అయిపోయిందో రాసుకోవాలి. 24 సైజు, నాలుగు రోజులు. 26 సైజు, రెండు రోజులు. తేదీ అక్కర్లేదు, వచ్చే ఏడాది పండుగ ఎటు జరిగినా ఆ అంకె జరగదు.